తిథులూ తేదీలూ ఢీకొనకుండా ఇంటిల్లిపాదికీ ఒకే క్యాలెండర్ ఎలా పెట్టుకోవాలి?

మన ఇళ్లలో రెండు లెక్కలు నడుస్తుంటాయి. బడి, ఆస్పత్రి, రైలు టికెట్లు తేదీ ప్రకారం నడుస్తాయి. పండగలు, తద్దినాలు, నోములు తిథి ప్రకారం నడుస్తాయి. ఫోన్లో క్యాలెండర్ పెట్టుకున్నా ఒకేరోజు రెండు పనులు పడి ఇంట్లో టెన్షన్ మొదలయ్యేది చాలాసార్లు ఈ రెండు లెక్కలు కలిసే చోటే. అందుకే ఇక్కడ తిథుల సంగతి కొంచెం ఎక్కువగా చెబుతాను. అమలాపురంలో అత్తగారు, కొడుకు, కోడలు, పదో తరగతి చదివే మనవరాలు ఉన్న ఇల్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పెద్దకొడుకు, ఇలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకుని 2026 దీపావళి వారాన్ని సర్దిచూద్దాం.

1. ముందు అందరికీ కనబడే క్యాలెండర్ ఒకటి తెరవండి

గూగుల్ క్యాలెండర్ చాలామంది ఫోన్లలో ముందే ఉంటుంది కాబట్టి దానితోనే చెబుతాను. కొత్త క్యాలెండర్ తెరవడం కంప్యూటర్లో తేలిక. కంప్యూటర్లో `calendar.google.com` తెరిచి, ఎడమవైపు `Other calendars` పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి, `Create new calendar` ఎంచుకోండి. పేరు "ఇల్లు" అని పెట్టండి, చాలు. తర్వాత దాని `Settings and sharing` లోకి వెళ్లి ఇంట్లోవాళ్ల జీమెయిల్ అడ్రసులు చేర్చండి. తేదీలు రాయాల్సిన ఇద్దరు ముగ్గురికి `Make changes to events` అనుమతి ఇవ్వండి, మిగతావాళ్లకు చూసే అనుమతి సరిపోతుంది. వాళ్లకు మెయిల్ వెళ్తుంది, అందులో ఉన్న లింకు నొక్కితేనే క్యాలెండర్ వాళ్ల ఫోన్లోకి వస్తుంది. చాలా ఇళ్లలో పని ఇక్కడే ఆగిపోతుంది. కాబట్టి అందరూ ఒకచోట ఉన్నప్పుడు వాళ్ల ఫోన్లు తీసుకుని మీరే నొక్కేయండి.

రెండు చోట్ల జాగ్రత్త కావాలి. కొత్తగా ఏదైనా రాసినప్పుడు అది "ఇల్లు"లోకి పోకుండా మీ సొంత క్యాలెండర్లో పడిపోవచ్చు. మీకు కనిపిస్తుంది గనక అందరికీ కనిపిస్తోందనుకుంటారు. "ఇల్లు"కి ముదురు ఎరుపు లాంటి రంగు ఒకటి పెట్టుకుంటే, వేరే రంగులో కనబడగానే పొరపాటు తెలిసిపోతుంది. రెండోది, మీరు పెట్టిన రిమైండర్ మీ ఫోన్లోనే మోగుతుంది. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయికి కూడా మోగాలంటే తన ఫోన్లో తనే పెట్టుకోవాలి.

అత్తగారు ఫోన్ చూడకపోతే వంటింట్లో గోడ క్యాలెండర్ ఎలాగూ ఉంటుంది. ఆదివారం పూట ఫోన్లోంచి దాని మీదకు ఎక్కించండి. గోడ మీద ఎవరైనా కొత్తగా రాసి ఉంటే ఫోన్లోకి ఎక్కించండి. ఈ పని ఒక్కరి చేతిలోనే ఉండటం మంచిది.

2. తిథితో నడిచేవాటికి "ప్రతి సంవత్సరం" పెట్టకండి

పుట్టినరోజులకి, ఇన్సూరెన్స్ కట్టే తేదీలకి `Every year` అని పెట్టుకోవచ్చు. పండగలకి అలా కుదరదు. 2025లో దీపావళి అక్టోబర్ 20న వచ్చింది. దానికి ఆ రోజే `Every year` పెట్టేసిన ఇంట్లో 2026లో ఫోన్ "దీపావళి" అని మోగేది సరిగ్గా విజయదశమి రోజున. అసలు దీపావళి నవంబర్ 8, ఆదివారం.

చాంద్రమానంలో ఏడాది మన మామూలు ఏడాది కంటే దాదాపు పదకొండు రోజులు తక్కువ. అందుకే పండగలు ఏటా అన్ని రోజులు ముందుకొస్తూ, అధికమాసం వచ్చిన ఏడు ఒక్కసారిగా వెనక్కి జరుగుతాయి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం ఉంది. కాబట్టి ఆ తర్వాత వచ్చే పండగలన్నీ అంతకుముందు ఏడాది కంటే రెండు మూడు వారాలు ఆలస్యంగా పడతాయి. వినాయక చవితి 2025లో ఆగస్టు 27, 2026లో సెప్టెంబర్ 14. మీ ఇంట్లో తద్దినం జ్యేష్ఠ మాసంలో వచ్చేదైతే 2026లో అది అధికంలో పెట్టాలా, నిజ జ్యేష్ఠంలో పెట్టాలా అన్నది మీ పురోహితుణ్ణి అడిగి తేల్చుకోవాలి. సంక్రాంతి ఒక్కటే సూర్యుణ్ణి బట్టి వస్తుంది గనక జనవరి 14, 15 తేదీల దగ్గరే ఉంటుంది.

అందువల్ల ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఒక గంట కూర్చుని, ఆ ఏడాది మీ ఇంటి తిథులన్నీ విడివిడిగా రాసుకోవాలి. ప్రతిదానికీ పేరుతో పాటు తిథి కూడా రాయండి: "మామయ్యగారి తద్దినం, ఆశ్వయుజ బహుళ ద్వాదశి". తేదీ మారినా తిథి మారదు కాబట్టి వచ్చే ఏడు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

3. తద్దినం తేదీ గోడ క్యాలెండర్ చూసి ఖాయం చేసుకోకండి

ఇది చాలామంది పట్టించుకోరు. గోడ క్యాలెండర్లో ఒక తేదీ కింద అచ్చువేసే తిథి సాధారణంగా ఆ రోజు సూర్యోదయానికి ఉన్నది. ఆబ్దికానికి చూసేది అపరాహ్ణ వేళ, అంటే మధ్యాహ్నం దాటాక ఉన్న తిథి. ఈ రెండూ కొన్నిసార్లు ఒకే రోజున ఉండవు.

మన కుటుంబం సంగతే చూడండి. 2026లో ఆశ్వయుజ బహుళ ద్వాదశి నవంబర్ 5 గురువారం మధ్యాహ్నానికి ముందే వచ్చేస్తుంది, శుక్రవారం మధ్యాహ్నానికి ముందే వెళ్లిపోతుంది. గోడ మీద ద్వాదశి శుక్రవారం కింద కనిపిస్తుంది. కోడలు పురోహితుడికి ఫోన్ చేస్తే ఆయన చెప్పేది ఇలా ఉంటుంది: "శుక్రవారం కాదమ్మా, గురువారమే. శుక్రవారం అపరాహ్ణానికి ద్వాదశి ఎక్కడుంది?"

పురోహితుణ్ణి అడిగేదాకా రెండు రోజులూ ఆపి ఉంచండి. పేరు చివర ప్రశ్నార్థకం పెట్టండి: "తద్దినం ?". ప్రశ్నార్థకం ఉన్న రోజున ఇంకే పనీ ఒప్పుకోకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. ఖాయమయ్యాక ఒకటి తీసేసి, రెండోదాన్లో ప్రశ్నార్థకం చెరిపేయండి. పెళ్లి ముహూర్తాలకి, ఇంకా రాని బడి పరీక్షల టైమ్‌టేబుల్‌కి కూడా ఇదే పద్ధతి.

4. పని ఉన్న రోజుతో పాటు, తేల్చుకోవాల్సిన రోజు కూడా రాయండి

తద్దినం గురువారమని తేలింది గనక పెద్దకొడుకు బుధవారం రాత్రి, అంటే నవంబర్ 4న హైదరాబాద్‌లో రైలెక్కాలి. గోడ క్యాలెండర్ చూసి శుక్రవారం అనుకుని ఉంటే గురువారం రాత్రి ఎక్కి, తద్దినం అయిపోయాక దిగేవాడు.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి మొదలవుతుంది. 2024 నవంబర్ దాకా 120 రోజులుండేది, పెద్దవాళ్లు ఇంకా ఆ లెక్కలోనే ఉంటారు. నవంబర్ 4 ప్రయాణానికి సెప్టెంబర్ 5న తెరుచుకుంటుంది. తిరుగు ప్రయాణం దీపావళి మర్నాడు, నవంబర్ 9న అయితే సెప్టెంబర్ 10న తెరుచుకుంటుంది. అందుచేత క్యాలెండర్లో మూడు నమోదులు అదనంగా కావాలి: ఆగస్టు చివరి వారంలో "పురోహితుణ్ణి అడగాలి", సెప్టెంబర్ 5 ఉదయం 7:45కి "రాకకు టికెట్", సెప్టెంబర్ 10 ఉదయం 7:45కి "తిరుగు టికెట్". తద్దినం తేదీ నవంబర్‌లో ఉన్నా, దాన్ని తేల్చుకోవాల్సింది ఆగస్టులోనే. పండగల ముందు గోదావరి జిల్లాల వైపు వచ్చే రైళ్లలో బెర్తులు ఎంత త్వరగా అయిపోతాయో ఇక్కడి వాళ్లకి చెప్పనక్కర్లేదు, తత్కాల్ మీద ఆధారపడి తద్దినానికి రావడం మంచిది కాదు.

అమలాపురానికి రైలు లేదు కాబట్టి రాజమండ్రి స్టేషన్లో తెల్లవారుజామున దిగాక ఇంటికి చేరేదాకా పట్టే సమయాన్ని కూడా కలిపి ఒకే నమోదుగా రాయండి. అర్ధరాత్రి దాటాక ఎక్కే రైళ్లకి తేదీ మారిపోతుంది. "బుధవారం రాత్రి" అని రాయకుండా తేదీ, గంట రాయడం అందుకే.

5. ఆస్పత్రి తేదీని తిథి పక్కన పెట్టి చూడండి

అత్తగారికి షుగర్ ఉంది. ఆగస్టు 6న రాజమండ్రిలో చూపించుకుంటే డాక్టర్ మూడు నెలలకు రమ్మన్నారు. లెక్క వేసి నవంబర్ 5 గురువారం అపాయింట్‌మెంట్ తీసుకుంటే నేరుగా తద్దినం మీద పడుతుంది. వేరే ఎవరైనా తోడు వెళ్లినా ఆ రోజు పరీక్ష కుదరదు. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఇంకోసారి రక్తం ఇవ్వాలి. తద్దినం రోజున భోక్తల భోజనాలు అయ్యేదాకా ఇంట్లోవాళ్లు తినరు, అది ఏ మూడింటికో అవుతుంది.

తర్వాతి వారం చూద్దాం. నవంబర్ 10న కార్తీకం వస్తుంది. 11 బుధవారం భగినీ హస్త భోజనం. 13 శుక్రవారం నాగుల చవితి, ఉపవాసం. 16 మొదటి కార్తీక సోమవారం, ఆ రోజు ఆమె పొద్దుపోయేదాకా తినరు. మిగిలింది 12 గురువారం. డాక్టర్ గురువారాలు చూస్తారు కాబట్టి అదే ఖాయం చేసుకోవచ్చు. కార్తీకమంతా సోమవారాలకి "అమ్మ ఉపవాసం" అని ముందే రాసి ఉంచితే, ఫోన్లో అపాయింట్‌మెంట్ ఇచ్చే అమ్మాయి "సోమవారం రండి" అన్నప్పుడు వెంటనే కాదనగలుగుతారు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఉపవాసం ఉండొచ్చా అన్నది మాత్రం 12న డాక్టర్‌నే అడగాలి. ఆ నమోదులోనే ఈ ప్రశ్న రాసి పెట్టుకోండి.

వారం వెనక్కి జరిపాం గనక మాత్రలు సరిపోతాయా అన్నది చూడాలి. అపాయింట్‌మెంట్‌తో పాటు "మాత్రలు ఎప్పటిదాకా" అనే నమోదు వేరుగా ఉండాలి. నవంబర్ 6కి అయిపోయేవైతే అక్టోబర్ చివరలోనే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పి, ఇంకో పది రోజులకి తెచ్చుకోండి. తద్దినం, దీపావళి హడావుడిలో మందుల షాపుకి వెళ్లడం గుర్తుండదు.

బడి విషయం తేలికే. పరీక్షల టైమ్‌టేబుల్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన రోజే ఎక్కించండి, తర్వాత ఆ మెసేజ్ దొరకదు. మనవరాలికి మార్చిలో పదో తరగతి పరీక్షలు ఉంటాయి. జనవరి నుంచే ఆ నెలంతా "ఇంట్లో శుభకార్యాలు వద్దు" అని ఒక పొడవాటి గీత గీసి ఉంచితే బంధువులు ముహూర్తం అడిగినప్పుడు అందరూ ఒకే మాట చెబుతారు.

6. మన కోనసీమకి ప్రత్యేకంగా కొన్ని

శనివారాల్లో వాడపల్లి వెంకన్న దర్శనానికి జనం వస్తారు, రావులపాలెం వైపు రోడ్డు రద్దీగా ఉంటుంది. రాజమండ్రి ఆస్పత్రికి శనివారం తీసుకుంటే గంట ముందు బయల్దేరేలా సమయం రాయండి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం వల్ల చుట్టుపక్కల ఊళ్లలో కార్లు కదలవు, ఆ రోజు తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, ఆ రోజు సఖినేటిపల్లి దారి కూడా అంతే.

జూలై, ఆగస్టు నెలల్లో లంక గ్రామాల వాళ్లు వాయిదా వేయగలిగిన ఆస్పత్రి పనులు పెట్టుకోకపోవడం మంచిది. తప్పనివైతే క్యాలెండర్లో ఇవతలి ఒడ్డున ఎవరింట్లో ముందురోజు ఉండాలో కూడా రాయండి. ధవళేశ్వరం దగ్గర వరద పది లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అయితే కాజ్‌వేలు అంతకంటే ముందే మునగొచ్చు, కాబట్టి ఎగువన వరద పెరుగుతోందన్న వార్త రాగానే బయల్దేరాలి. కాన్పు దగ్గరపడ్డవాళ్లు ఇంట్లో ఉంటే ఆ రెండు నెలలూ ఇవతలే ఉంచాలి.

2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. పన్నెండు రోజులపాటు రాజమండ్రి స్టేషను, రోడ్లు, బంధువుల రాకపోకలతో మన ఇళ్లు అన్నీ నిండిపోతాయి. ఆ పన్నెండు రోజులకి "ఇల్లు" క్యాలెండర్లో ఒక గీత గీసి, అమ్మ షుగర్ పరీక్ష దాని ముందు వారంలో పడేలా ఇప్పుడే డాక్టర్‌తో మాట్లాడుకోండి.