జీతం స్లిప్పు లేని లోను ఫైలు: ఎక్కడ ఆగుతుంది, ఎలా కదులుతుంది

రావులపాలెంలో కూర్చుని చిన్న వ్యాపారులకి రిటర్నులు వేయడం, లోను ఫైళ్లు కట్టడం నా పని. ఫైలు వెనక్కి వచ్చాక నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ. పాన్, ఆధార్, రెండేళ్ల రిటర్నులు, పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యమ్ సర్టిఫికెట్ లాంటివి ఉండాలని మీకు తెలిసే ఉంటుంది కాబట్టి వాటి గురించి రాయను. అన్నీ పెట్టినా ఫైలు ఎందుకు ఆగుతుందో రాస్తాను.

"మీ రిటర్ను మాకు కనబడటం లేదు"

ఇది వినగానే అందరూ బ్యాంకువాళ్ల మీద విసుక్కుంటారు. ముందు ఫోను తీసి ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ రిటర్ను ఈ-వెరిఫై అయ్యిందో లేదో చూడండి. రిటర్ను వేశాక 30 రోజుల్లోపు వెరిఫై చేయాలి. చేయకపోతే వేసినట్టే కాదు. ఓటీపీ వచ్చిన ఫోను పిల్లాడి దగ్గర ఉండిపోయిందనో, ఆడిటర్ గారే చూసుకుంటారనో వదిలేసిన రిటర్నులు నెలకి రెండైనా నా బల్ల మీదికి వస్తాయి. అరనిమిషం పని. అది చూడకుండా నాలుగుసార్లు బ్యాంకుకి తిరిగినవాళ్లు ఉన్నారు.

"మీ ఆదాయం ఈ లోనుకి చాలదండి"

రిటర్నులో ఆదాయం 2 లక్షల 40 వేలు అని ఉంటుంది. ఎప్పుడో రెండున్నర లక్షలు దాటితే పన్ను అన్న రోజుల్లో పడిన అలవాటు, ఇంకా పోలేదు. బ్యాంకు లెక్క చూడండి. 2.4 లక్షలంటే నెలకి 20 వేలు. అందులో సుమారు సగం కిస్తీలకి పోవచ్చని బ్యాంకు అనుకుంటే కిస్తీకి దొరికేది 10 వేలు. 9 శాతం వడ్డీకి 15 ఏళ్లకైతే లక్షకి కిస్తీ దాదాపు 1,014 రూపాయలు పడుతుంది. అంటే పది లక్షల లోను కూడా పూర్తిగా రాదు. మీరేమో పదిహేను అడుగుతారు.

చిన్న వ్యాపారానికి లెక్కల పుస్తకం లేకుండా రిటర్ను వేసే పద్ధతిలో నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం లాభం చూపితే చాలంటారు. అది కనీసం మాత్రమే. మీకు నిజంగా 20 శాతం మిగిలితే 20 శాతమే చూపాలి. పన్ను భయం పెట్టుకోకండి. కొత్త పన్ను విధానంలో 2023-24, 2024-25 ఆర్థిక సంవత్సరాలకి 7 లక్షల ఆదాయం వరకు, 2025-26కి 12 లక్షల వరకు రిబేటు పోగా మామూలు వ్యాపార ఆదాయం మీద పన్ను పడదు. పన్నే లేనిచోట ఆదాయం దాచుకుని లోను పోగొట్టుకుంటున్నారు. అలాగని లేని ఆదాయం రాయమని కాదు. రాస్తే కింద చెప్పబోయే చోట దొరికిపోతారు.

"రిటర్నులో అమ్మకం ఉంది, ఖాతాలో లేదు"

నన్ను రెండేళ్ల పాటు తిప్పలు పెట్టింది ఇదే. మొదట్లో నాకూ అర్థం కాలేదు. రిటర్ను బాగుంది, వెరిఫై అయ్యింది, ఆదాయం చాలినంత ఉంది, అయినా ఫైలు వెనక్కి వస్తోంది. ఒకావిడ ఫైలుతో అసలు సంగతి తెలిసింది.

ఆత్రేయపురంలో పూతరేకుల షాపు. లైసెన్సు, ఉద్యమ్, కరెంట్ ఖాతా, రిటర్ను అన్నీ ఆవిడ పేరు మీదే ఉన్నాయి. ఏడాదికి అమ్మకం 28 లక్షలు. అందులో 9 లక్షలు నగదు, 19 లక్షలు ఫోను పేమెంట్లు. బియ్యం, నెయ్యి, బెల్లం, జీడిపప్పు, రేకులు తీసే ఆడవాళ్ల కూలీ పోగా 5 లక్షల 60 వేలు మిగిలింది. అంతకు ముందు ఏడాది 4 లక్షల 80 వేలు. ఇల్లు కట్టుకోవడానికి 15 లక్షలు అడిగింది.

బ్యాంకులో ఆవిడ కరెంట్ ఖాతా తీసి చూశారు. పన్నెండు నెలల్లో జమ అయింది 13 లక్షలు. అందులో ఆవిడ స్వయంగా వేసిన నగదు 5 లక్షలు. మిగతా 8 లక్షలు కొడుకు ఖాతా నుంచి అప్పుడప్పుడూ ముద్దగా వచ్చినవి. ఒకసారి 50 వేలు, ఇంకోసారి లక్ష. ఇంటి మనుషుల నుంచి వచ్చిన డబ్బుని బ్యాంకు అమ్మకంగా లెక్కెయ్యదు, చేబదులు అనుకుని కొట్టేస్తుంది. మిగిలింది 5 లక్షలు. రిటర్నులో 28 లక్షలు. "అమ్మా, ఈ 23 లక్షలు ఎక్కడ?" అన్నాడు మేనేజరు. "షాపులోనే కదండీ అమ్మింది, ఇంకెక్కడ ఉంటాయి, ఆయ్!" అంది ఆవిడ.

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మధ్యలో ఉన్నది గల్లాపెట్టె పక్కనున్న క్యూఆర్ స్టిక్కర్.

రెండేళ్ల కిందట సౌండ్ బాక్స్ పెట్టడానికి ఒక కుర్రాడు వచ్చినప్పుడు ఆవిడ చేతిలో మామూలు ఫోను ఉంది. కొడుకు దగ్గర స్మార్ట్ ఫోను ఉంది. కొడుకు నంబరుతో, కొడుకు సేవింగ్స్ ఖాతాకి కట్టేసి వెళ్లిపోయాడు. స్కాన్ చేస్తే షాపు పేరే వస్తుంది. సౌండ్ బాక్స్ షాపులోనే అరుస్తుంది. తన డబ్బు తన ఖాతాలో పడటం లేదని ఆవిడకి అనుమానం రావడానికి ఏ దారీ లేదు. తెర మీద కనిపించేది పెట్టుకున్న పేరు, డబ్బు వెళ్లేది సెటిల్‌మెంట్ ఖాతాకి. ఆ రెండూ వేరు. కొడుకు ఆ డబ్బుతోనే నెయ్యి డబ్బాలకి, జీడిపప్పుకి కట్టేసి, మిగిలింది అమ్మకి పంపేవాడు. అందుకే 19 లక్షలు కాస్తా 8 లక్షలుగా కనిపించాయి.

పరీక్ష చాలా తేలిక. వేరే ఫోనుతో మీ స్టిక్కర్‌కి పది రూపాయలు కొట్టండి. మర్నాడు అవి ఎవరి పాస్‌బుక్‌లో పడ్డాయో చూడండి. కొన్ని కంపెనీలు రోజు మొత్తాన్ని కలిపి ఒకే వరుసగా జమ చేస్తాయి కాబట్టి పది రూపాయలు విడిగా కనిపించకపోవచ్చు. అప్పుడు షాపు యాప్‌లో సెటిల్‌మెంట్ ఖాతా దగ్గరికెళ్లి చివరి నాలుగు అంకెలు మీ ఖాతావేనా అని చూడండి. షాపులో రెండు మూడు స్టిక్కర్లుంటే అన్నిటికీ చేయాలి. ముందుది సరిగ్గా ఉండి, వెనక గోడ మీదున్న పాతది బావమరిది ఖాతాకి వెళ్తున్న షాపు కూడా చూశాను.

ఇక సరిచేయడం. మొదట ఆ రోజే సెటిల్‌మెంట్ ఖాతాని రిటర్ను వేసేవాళ్ల కరెంట్ ఖాతాకి మార్చాలి. ఖాతాలో పేరు, పాన్‌లో పేరు ఒకటేనా అని కంపెనీ అడుగుతుంది, నాలుగైదు రోజులు పట్టొచ్చు. తొందర లేకపోతే ఇలా పన్నెండు నెలలు నడవనిచ్చి అప్పుడు బ్యాంకుకి వెళ్లడం అన్నిటికంటే శుభ్రమైన దారి.

అంతవరకు ఆగలేం అంటే పాత నెలల్ని కాగితంతో అతకాలి. ఆవిడకి అదే చేశాం. యాప్ నుంచి నెలవారీ సెటిల్‌మెంట్ రిపోర్టులు దించాం. వాటిలో షాపు పేరు, రోజువారీ మొత్తం, జమైన ఖాతా అంకెలు ఉంటాయి. కొడుకు స్టేట్‌మెంట్‌లో అవే తేదీలు, అవే మొత్తాలు పెన్సిలుతో టిక్ పెట్టి పక్కపక్కన పెట్టాం. కొడుకు ఖాతా నుంచి నెయ్యివాళ్లకి, జీడిపప్పువాళ్లకి వెళ్లిన డబ్బుకి బిల్లులు జతచేశాం. అవన్నీ అమ్మ షాపు పేరు మీదే ఉండటం కలిసొచ్చింది. రిటర్నులో బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకం అని విడిగా రాసిన 19 లక్షలకీ, రిపోర్టుల మొత్తానికీ తేడా నాలుగు వేల లోపే. కొడుకుని సహ దరఖాస్తుదారుగా చేర్చాం. అలా చేరిస్తేనే అతని స్టేట్‌మెంట్‌ని బ్యాంకు ఫైలులో కూర్చోబెట్టగలదు.

కొడుకుని చేర్చితే అతని అప్పులూ లెక్కలోకి వస్తాయి. బండి కిస్తీ 3,800 ఉంది. రెండేళ్ల ఆదాయం సగటు 5 లక్షల 20 వేలు, నెలకి 43 వేల పైచిలుకు. అందులో సగం 21,600, బండి కిస్తీ పోతే 17,800. అడిగిన 15 లక్షలకి కిస్తీ సుమారు 15,200. సరిపోయింది, లోను వచ్చింది. అదే కొడుక్కి కారు లోను ఉండి ఉంటే ఆగిపోయేది.

ఇక్కడ జనం చేసే తప్పులు రెండు. విషయం తెలియగానే కొడుకు ఖాతాలో ఉన్నదంతా ఒకేసారి అమ్మ ఖాతాలోకి తోసేస్తారు. అది అమ్మకంలా కనిపించదు, లోను కోసం తెచ్చిన చేబదులులా కనిపిస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం. ఖాతాలో డబ్బుంది కదా అని అదే అమ్మకం మీద కొడుకు పేరున కూడా రిటర్ను వేసేస్తారు. ఒకే అమ్మకం ఇద్దరి పాన్‌ల మీద కనిపిస్తే, బ్యాంకుకి ఏం చెప్పుకున్నా నమ్మరు, తర్వాత పన్నువాళ్లకీ జవాబు చెప్పుకోవాలి.

"ఈ మధ్యే పెద్ద మొత్తాలు వేశారు, ఎందుకు?"

నగదు ఎక్కువగా నడిచే షాపులకి వచ్చే ప్రశ్న. ఏడాదంతా బీరువాలో పెట్టుకుని, లోనుకి వెళ్లే నెలలో మూడు లక్షలు ఒకేసారి వేస్తారు. అమ్మిన డబ్బు వారానికోసారైనా వేస్తూ ఉండాలి, అంతే. సంక్రాంతికి, పెళ్లిళ్ల సీజన్లో జమ ఎక్కువైతే భయం లేదు. కిందటేడు కూడా అదే నెలలో ఎక్కువగా ఉంటే బ్యాంకే అర్థం చేసుకుంటుంది. ఇంకో మాట, చాలా బ్యాంకులు నెలలో కొన్ని తేదీల్లో నిల్వ ఎంతుందో చూసి సగటు కడతాయి. పొద్దున్న వేసి సాయంత్రానికి ఖాళీ చేసే ఖాతాకి ఎంత జమ ఉన్నా ఆ సగటు పడిపోతుంది.

మిగతావి

రెండేళ్ల రిటర్నులూ ఒకే వారంలో వేస్తే లోను కోసమే వేశారని అనుమానిస్తారు. దానికి మందు లేదు, వచ్చే ఏడాది రిటర్ను టైముకి వేసి మళ్లీ వెళ్లాలి. పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ఒకదాన్ని సరిచేయించండి. క్రెడిట్ రిపోర్టులో మీది కాని అప్పు కూడా కనిపించొచ్చు. కనిపిస్తే రిపోర్టు ఇచ్చిన సంస్థకే ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాలి, బ్యాంకు మేనేజరుతో వాదించినా ప్రయోజనం లేదు.