కొత్తగా వచ్చే తెలుగు విద్యార్థులకు స్వాగత క్యాప్షన్ ఎలా రాయాలి?

ఆగస్టు చివర్లో తరగతులు మొదలయ్యే అమెరికా విశ్వవిద్యాలయాలకు మన పిల్లలు జులై నెలాఖరు నుంచే బయలుదేరతారు. ఎఫ్-1 వీసా ఉన్నవారిని విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలోని ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి రానిస్తారు. కాబట్టి విద్యార్థి సంఘం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే స్వాగత క్యాప్షన్ జూన్ చివరికే సిద్ధంగా ఉండాలి. దాన్ని చదివేది విద్యార్థి ఒక్కరే కాదు. ఇంట్లో అమ్మానాన్నలు కూడా చదివి, దాన్ని బట్టే ధైర్యం తెచ్చుకుంటారు. అందుకే తెలుగులో రాయండి, చేయగలిగినంతే రాయండి.

మొదటి అడుగు: పనికొచ్చే మాట మొదటి వాక్యంలోనే

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో 2,200 అక్షరాల దాకా రాయవచ్చు. కానీ నొక్కి తెరవకముందు కనిపించేది సుమారు 125 అక్షరాలే. సంఘం చరిత్ర, అధ్యక్షుడి శుభాకాంక్షలు ముందు పెడితే విమానాశ్రయం పికప్ సంగతి మరుగున పడిపోతుంది. షికాగో ప్రాంతంలోని ఒక సంఘం రాస్తోందనుకుంటే ఆరంభం ఇలా ఉండవచ్చు:

"ఆగస్టులో షికాగో వస్తున్నారా? ఓహేర్ నుంచి ఉచిత పికప్‌కు బయోలోని ఫారం ప్రయాణానికి 5 రోజుల ముందే నింపండి."

ఎవరికి, ఎక్కడి నుంచి, ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్న నాలుగూ ఇందులో వచ్చేశాయి. క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు కనుక ఫారం లింకును బయోలోనే ఉంచాలి. స్వాగత వాక్యాలు ఆ తర్వాత ఎన్ని రాసినా ఇబ్బంది లేదు.

రెండో అడుగు: పికప్ వివరాలు అడగడం

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే, ఎందుకంటే పొరపాట్లన్నీ తేదీలోనే జరుగుతాయి. హైదరాబాద్ నుంచి చాలా విమానాలు తెల్లవారుజామున బయలుదేరతాయి. 14వ తేదీ వేకువన 4 గంటల విమానాన్ని ఇంట్లో అందరూ "13 రాత్రి ఫ్లైట్" అనే అంటారు. ఫారంలో కూడా అదే రాస్తే సీనియర్ ఒక రోజు ముందు విమానాశ్రయానికి వెళ్లి నిలబడతారు. పైగా 08/09 అంటే మనకు సెప్టెంబరు 8, అమెరికాలో ఆగస్టు 9. అందుకని బయలుదేరే తేదీ అడగకండి. "షికాగోలో దిగే తేదీ, అక్కడి సమయం, నెల పేరు అక్షరాల్లో, చివరి విమానం నంబరు" అని అడగండి. విమానం నంబరు ఉంటే ఆలస్యమైనా మీకే తెలిసిపోతుంది.

దారి కూడా అడగాలి. దుబాయ్ మీదుగా షికాగో వచ్చే విద్యార్థి ఓహేర్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి రావాలి. దీనికి గంటన్నర పట్టవచ్చు, రద్దీ ఉంటే రెండు గంటలు దాటవచ్చు. అబుదాబి నుంచి నేరుగా వచ్చేవారికి అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది. షికాగోలో వారు దేశీయ ప్రయాణికుల్లాగే త్వరగా బయటికి వచ్చేస్తారు. ఈ తేడా తెలియకపోతే ఒకరి కోసం మీరు రెండు గంటలు ఎదురుచూస్తారు, మరొకరు మీకోసం రెండు గంటలు ఎదురుచూస్తారు. ఇక న్యూయార్క్ లాంటి చోట దిగి విమానం మారేవారు పెట్టెలను అక్కడే తీసుకుని మళ్లీ అప్పగించాలి. ఈ ఒక్క సంగతి క్యాప్షన్‌లో రాస్తే చాలామంది సామాను వెనకబడిపోకుండా ఉంటుంది.

కొందరిని అదనపు తనిఖీకి పక్క గదికి పంపుతారు. అక్కడ సాధారణంగా ఫోను వాడనివ్వరు. విద్యార్థి నుంచి సందేశం రాలేదని వెంటనే వెనుదిరగవద్దని మీ వాళ్లకు చెప్పండి. ఇంటివాళ్లు కంగారు పడకుండా "దిగిన తర్వాత మూడు గంటల వరకు ఫోను రాకపోయినా మా వాళ్లు అక్కడే ఉంటారు" అని క్యాప్షన్‌లో రాయండి. రాస్తే ఆ మాట నిలబెట్టుకోవాలి. భారతీయ సిమ్ పనిచేయకపోవచ్చు కాబట్టి విమానాశ్రయం వైఫైలో వాట్సాప్ తెరవమనండి. పికప్‌కు వచ్చేవారి నంబరు కాగితం మీద కూడా రాసుకోమనండి.

పెట్టెల లెక్క తప్పనిసరి. ఒక్కొక్కరు రెండు 23 కిలోల పెట్టెలు, చేతి సంచి, వీపు సంచి తెస్తారు. మామూలు సెడాన్ కారులో ఇద్దరి సామానుకే కష్టంగా చోటు సరిపోతుంది. ముగ్గురిని ఒకే కారులో సర్దుతామని మాట ఇవ్వవద్దు.

డబ్బు విషయం దాపరికం లేకుండా రాయండి: "పికప్ పూర్తిగా ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే మాకు చెప్పండి." కారు నడిపే సీనియర్లలో ఎక్కువమంది ఎఫ్-1 వీసా మీదే ఉంటారు. డబ్బు పుచ్చుకుంటే అది అనుమతి లేని పని కిందకు వస్తుంది. సొంత కారు బీమా కూడా కిరాయి ప్రయాణాలకు సాధారణంగా వర్తించదు.

మూడో అడుగు: ఇంటి గురించి రెండు హెచ్చరికలు

ఇంటి సలహాలన్నీ క్యాప్షన్‌లో కుక్కనక్కర్లేదు. మొదటి హెచ్చరిక అడ్వాన్సు గురించి. చుట్టుపక్కల కన్నా బాగా తక్కువ అద్దె చెప్పి, యజమాని ఊళ్లో లేరని, వీడియో కాల్‌లో ఇల్లు చూపించడం కుదరదని, ఈ రోజే బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పంపే జెల్‌లో డిపాజిట్ పంపమని అడిగితే అది మోసమేనని అనుకోవాలి. జెల్‌లో పంపిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం. "సీనియర్ ఒకరు స్వయంగా వెళ్లి చూసేవరకు డబ్బు పంపకండి, చూసేందుకు మేం వెళ్తాం" అని రాయగలిగితే అంతకన్నా విలువైన సాయం లేదు.

రెండోది ఉమ్మడి లీజు. 1,600 డాలర్ల ఇంట్లో నలుగురు చేరితే తలా 400 అనుకుంటారు. లీజులో నలుగురి సంతకాలూ కలిపి ఉంటే, ఒకరు మధ్యలో వెళ్లిపోయినా యజమాని మిగతా ముగ్గురి నుంచి మొత్తం 1,600 రాబట్టవచ్చు. అప్పుడు ఒక్కొక్కరికి 533 డాలర్లు పడుతుంది. సంతకానికి ముందే ఈ లెక్క చెప్పండి. తాత్కాలికంగా సీనియర్ల ఇంట్లో ఉండనిచ్చేటట్లయితే ఎన్ని రాత్రులో అంకెతో రాయండి. అతిథులు ఎన్నాళ్లు ఉండవచ్చో చాలా లీజుల్లో పరిమితి ఉంటుంది.

నాలుగో అడుగు: ఎవరిని సంప్రదించాలి

వ్యక్తుల సొంత నంబర్లు బహిరంగంగా పెట్టకండి. వాట్సాప్ గ్రూపు లింకు కూడా పెట్టవద్దు, మోసగాళ్లు నేరుగా చేరి అద్దె ఇళ్ల ప్రకటనలు మొదలుపెడతారు. ఫారం నింపినవారిని విశ్వవిద్యాలయం ఈమెయిల్‌తో సరిచూసుకుని, అడ్మిన్ అనుమతితోనే గ్రూపులో చేర్చండి. ఫారంలో పాస్‌పోర్టు, ఐ-20 ప్రతులు అడగవద్దు. పికప్‌కు వాటి అవసరమే లేదు. క్యాప్షన్ చివర సంఘం ఈమెయిల్, జవాబు ఎన్ని గంటల్లో ఇస్తారో రాసి, దాని కింద ఇలా చేర్చండి:

"వీసా, ఐ-20 ప్రశ్నలకు విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నే అడగండి. ప్రాణాపాయం ఉంటే 911కు ఫోను చేయండి. మిగతా దేనికైనా మేమున్నాం."

పెట్టేముందు, ఇంతవరకు విమానం ఎక్కని ఎవరికైనా దాన్ని చదివి వినిపించి, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడగండి. ఫారం ఎక్కడుందో, ఎప్పటిలోగా నింపాలో వారు చెప్పలేకపోతే మొదటి వాక్యాన్ని మళ్లీ రాయాలి. సెప్టెంబరు మొదటి వారంలో ఫారం మూసేసి, ఆ మాట క్యాప్షన్‌లోనూ మార్చండి. జనవరిలో చేరేవాళ్లు పాత తేదీలు చూసి ఫారం నింపి, ఎవరూ రాని విమానాశ్రయంలో దిగకూడదు.