పదును తక్కువున్న రేగట్లో శనగ ఎద పెట్టే ముందు విత్తనం నానబెట్టడం, మందు పట్టించడం ఎలా?

అక్టోబర్ నెలాఖరు నుంచి నవంబర్ మూడో వారం దాకా ఒంగోలు, నాగులుప్పలపాడు, మద్దిపాడు వైపు ఎవర్ని కదిలించినా ఒకటే మాట, పదును ఉందా లేదా అని. మన నల్లరేగట్లో శనగకి నీళ్ళు పెట్టేది లేదు, వాన పడి నేల తాగిన తేమ మీదే పంట మొత్తం నడవాల. ఆ తేమ కాస్త వెనకబడితే మొలక సగం సగం వస్తది, సాళ్ళు బోసిపోతయి. అట్లాంటప్పుడు రాత్రి నానబెట్టి పొద్దున ఎద పెట్టే పద్ధతి బాగా పనికొస్తది. దీన్నే సీడ్ ప్రైమింగ్ అంటారు. ఇదేం కొత్తగా పుట్టింది కాదు, బంగ్లాదేశ్‌లో బరింద్ అనే ఎత్తు నేలల్లో వరి కోసినాక తడారిపోయే మళ్ళల్లో శనగ వేసే రైతులతో ఈ ఎనిమిది గంటల నానబెట్టుడే చేయించి చూశారు, అక్కడ మొలక త్వరగా వచ్చి మొక్కలు నిండుగా నిలిచాయి.

ముందు ఇది ఎందుకు పనిచేస్తదో ఒక్క నిమిషం చూద్దాం, అది అర్థమైతే ఎక్కడ చెయ్యకూడదో కూడా మీకే తెలిసిపోద్ది. సంచిలో ఉన్న శనగలో తేమ సుమారు పది శాతమే ఉంటది. వేరు బయటికి రావాలంటే గింజ దాదాపు తన బరువంత నీళ్ళు లాక్కోవాల. నేల తడిగా ఉంటే ఇది ఒక రోజులో అయిపోద్ది, కానీ పదును తగ్గిన రేగడి ఉన్న కాస్త తేమని గట్టిగా పట్టుకుని గింజకి చుక్క చుక్కగా వదులుద్ది, అందుకని అదే పనికి మూడు నాలుగు రోజులు పడతది. ఈ లోపల పైనుంచి ఎండ నేలని ఆరబెడతానే ఉంటది, నేలలో ఉన్న బూజు సగం నానిన గింజని పడతది. నానబెట్టి వేస్తే ఆ నీళ్ళు తాగే పని మనింట్లోనే ముగించి పంపినట్టు, ఇక గింజ నేల నుంచి అడిగేది కొంచెమే.

మందు పట్టించడం, అంటే కోటింగ్, వేరే పని. అది గింజకి నీళ్ళివ్వదు. నేలలో ఉన్నన్నాళ్ళు కుళ్ళు పట్టకుండా కాస్తది, రైజోబియం అయితే వేరు బుడిపెలకి కావాల్సిన బ్యాక్టీరియాని గింజ పక్కనే పెడతది. కొంతమంది మందం పూత పూస్తే తేమ నిలబడతదని మట్టి, బూడిద కలిపి ఉండల్లాగా చేస్తారు. పొడి నేలలో అది గింజకీ తేమకీ మధ్య గోడ అయిపోద్ది, దయచేసి అట్లా చెయ్యబాకండి. పూత పల్చగా, గింజ రంగు మారేంత ఉంటే చాలు.

ఇక పని మొదలుపెడదాం. ఎకరాకి జేజీ-11 విత్తనం 30 కిలోలు అనుకుందాం. వంద గింజలు 22 గ్రాముల దాకా తూగుతాయి కాబట్టి 30 కిలోల్లో సుమారు లక్షా ముప్పై ఆరు వేల గింజలు ఉంటాయి, సాలుకీ సాలుకీ 30 సెంటీమీటర్లు, గింజకీ గింజకీ 10 సెంటీమీటర్లు వేస్తే ఎకరాకి సరిగ్గా సరిపోద్ది.

1. మొలక చూసుకోండి. మన దగ్గర చాలామంది విత్తనం కోల్డ్ స్టోరేజీలో ఉంటది. బయటికి తెచ్చిన వెంటనే సంచి మూతి విప్పితే చల్లటి గింజ మీద చెమ్మ పడతది, నీడలో ఒకరోజు అట్లానే ఉంచి తర్వాత విప్పండి. వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి పెట్టి మొలిచినవి లెక్కపెట్టండి. 85 మొలిస్తే మంచి విత్తనం. 70 కన్నా తగ్గితే నానబెట్టినా లాభం లేదు, చచ్చిన గింజకి నీళ్ళు పోస్తే కుళ్ళుద్ది అంతే, విత్తనం మార్చుకోండి.

ఇక్కడే ఇంకో సంగతి. కొన్న విత్తనం గులాబీ రంగో నీలం రంగో పూసి ఉంటే దానికి ముందే మందు పట్టించారని అర్థం. దాన్ని నానబెట్టొద్దు, మందంతా నీళ్ళల్లోకి దిగిపోద్ది, ఆ నీళ్ళు గేదెలు తాగినా ప్రమాదమే. అట్లాంటి విత్తనం నేరుగా వేసుకోవాల్సిందే. మందు ప్యాకెట్ విడిగా సంచిలో పెట్టి ఇస్తే మాత్రం ముందు నానబెట్టి, ఆ తర్వాత పట్టించొచ్చు.

2. పొలంలో పదును చూడండి. పైమట్టి పక్కకి తోసి మూడు నాలుగు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిసకండి. ముద్ద కట్టి, విసిరితే పగిలితే నానబెట్టి వేసుకోవచ్చు. అసలు ముద్దే కట్టకుండా పొడిపొడిగా రాలిపోతే నానబెట్టిన విత్తనం వెయ్యబాకండి, ఎందుకంటే లేచిన వేరు దిగడానికి కింద తేమ ఉండాల, లేకపోతే మొలకెత్తి ఎండిపోద్ది, పొడి గింజ అయితే కనీసం వాన కోసం కాచుకుంటది. అట్లానే తుఫాను వచ్చి నేల చేతికి జిగురుగా అంటుకునేంత తడి ఉన్నప్పుడు కూడా నానబెట్టడం అనవసరం, గాలి ఆడక కుళ్ళుద్ది, పూత ఒక్కటి పట్టించి వేస్తే సరి.

3. నానబెట్టడం. రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిదికి వేసి తెల్లారి నాలుగున్నర ఐదుకి తీసెయ్యాల, అంటే ఎనిమిది గంటలు. కిలోకి రెండు లీటర్ల లెక్కన 60 లీటర్ల నీళ్ళు, మూడు నాలుగు వెడల్పాటి టబ్బుల్లో పోసుకోండి, ఒక్క డ్రమ్ములో కుక్కితే అడుగున ఉన్న గింజకి ఊపిరి ఆడదు. నీళ్ళు తాగే నీళ్ళు కావాల, సముద్రం వైపు ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పు గింజ నీళ్ళు తాగకుండా అడ్డం పడతది, పైగా మొలకని దెబ్బ తీస్తది. పైకి తేలిన తాలు, పుచ్చు, పగిలిన పప్పు తీసి పారెయ్యండి.

ఎనిమిది గంటలే ఎందుకంటే, ఆ మాత్రం నానిన గింజ ఆరబెడితే అక్కడికే ఆగుద్ది, మళ్ళీ నేల తేమ తగిలితేనే ముందుకు పోద్ది. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే ఇంకో చుక్క నీళ్ళు లేకపోయినా వేరు బయటికొచ్చేస్తది, ఆ వేరు గొర్రు గొట్టంలో విరిగిపోద్ది. మీ విత్తనం సంగతి తేల్చుకోవాలంటే ముందే నాలుగు గిన్నెల్లో గుప్పెడు గుప్పెడు వేసి ఆరు, ఎనిమిది, పది, పన్నెండు గంటలకి తీసి నీడలో గుడ్డ మీద పరిచి మర్నాటి దాకా చూడండి. ఏ గిన్నె గింజలకి తెల్ల ముక్కు బయటికొచ్చిందో దానికి ముందుదే మీ హద్దు. కాక్-2 లాంటి తెల్ల శనగ పొట్టు పల్చన, నీళ్ళు గబగబా లాగి పొట్టు చిట్లి పప్పు పగులుద్ది, కాబట్టి వాటికి ఈ పరీక్ష చెయ్యకుండా మొత్తం విత్తనం నీళ్ళల్లో వెయ్యొద్దు.

బాగా నానిన గింజ ఎట్లా ఉంటదంటే, పొట్టు ముడతలు పోయి బిగుతుగా ఉంటది, గోరుతో నొక్కితే దిగుద్ది, రెండుగా చీలిస్తే లోపల మధ్యలో తెల్ల పొడి చుక్క కనపడకూడదు. నీళ్ళ మీద బుడగలు లేచి పులిసిన వాసన వస్తే ఎక్కువైపోయినట్టు.

4. ఆరబెట్టడం. గోనెపట్టాల మీద నీడలో పల్చగా పరవండి, గంట రెండు గంటలు చాలు. చేతిలోకి తీసుకుంటే అరచేయి తడవకుండా, గింజకి గింజ అంటుకోకుండా జారాల. ఎండలో వద్దు, పైన ఎండి లోపల తడి ఉండి పొట్టు పగులుద్ది.

5. పూత. ముందు రోజే లీటరు నీళ్ళల్లో 100 గ్రాముల బెల్లం వేసి కాచి చల్లార్చి పెట్టుకోండి. 30 కిలోలకి 300 మిల్లీలీటర్లు చిలకరిస్తే చాలు, గింజ మీద ఎట్లాగూ కొంచెం చెమ్మ ఉంటది. దాని మీద ట్రైకోడెర్మా విరిడి కిలోకి 10 గ్రాముల చొప్పున 300 గ్రాములు, తర్వాత రైజోబియం 200 గ్రాముల ప్యాకెట్ 8 నుంచి 10 కిలోలకి ఒకటి చొప్పున మూడు ప్యాకెట్లు చల్లి పట్టా నాలుగు మూలలు పట్టుకుని అటూ ఇటూ దొర్లించండి. చేత్తో పిసికితే నానిన పొట్టు ఊడొస్తది. ఎండు తెగులు వచ్చిన చేలకి నేనైతే ఈ దారే చెప్తాను. లేదు, రసాయన మందే వేస్తామంటే థైరం కిలోకి 3 గ్రాములు పట్టించండి, కానీ ట్రైకోడెర్మా కూడా బూజు జాతిదే కాబట్టి ఈ మందుతో కలిపి వేస్తే అదీ దెబ్బతింటది, రెండిట్లో ఒకటే ఎంచుకోవాల. రైజోబియం మాత్రం ఎద పెట్టే ముందు చివర్లో పట్టించాల.

6. ఎద పెట్టడం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పొడి విత్తనం 30 కిలోలు నానితే 50 కిలోలు దాటుద్ది. ఆ నానిన బరువు చూసుకుని ఎకరాకి 30 కిలోలు అని వేస్తే సగం కాస్త పైన మాత్రమే పడతది, తర్వాత మొలక రాలేదని విత్తనాన్ని తిట్టుకుంటాం. గింజ ఉబ్బి ఉంటది కాబట్టి సీడ్ డ్రిల్ రంధ్రాల్లో కూడా ఇరుక్కుంటది. అందుకని కిలోలు వదిలేసి గింజలు లెక్కపెట్టండి. గట్టి నేల మీద గొర్రు మూడు మీటర్లు నడిపితే ఒక్కో గొట్టం నుంచి 30 గింజలు రావాల, తక్కువొస్తే రంధ్రం పెద్దది చేసుకోండి. జడ్డిగంలో చేత్తో వేసేవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు, కాకపోతే పిడికిట్లో పట్టే గింజలు తగ్గుతాయి కాబట్టి చెయ్యి కాస్త త్వరగా ఆడాల.

డీఏపీని ఈ విత్తనంతో కలిపి ఒకే పెట్టెలో పొయ్యొద్దు. తడి గింజకి ఆ ఉప్పు అంటుకుంటే మొలక మాడుద్ది, రైజోబియం కూడా చచ్చిపోద్ది. ఎరువు వేరే గొట్టంలో, గింజకి పక్కగా, కాస్త కిందకి పడాల.

లోతు పదునుని బట్టి. శనగ పప్పు బద్దలు నేలలోనే ఉండిపోతాయి, మొలక ఒక్కటే పైకొస్తది, అందుకని మూడు అంగుళాలు, అవసరమైతే నాలుగు అంగుళాలు దించినా లేస్తది. తడి మట్టి తగిలే దాకా దించి, వెనకే గుంటక తోలి సాళ్ళు మూసెయ్యండి, తెరిచిన సాలు ఎండకి అరగంటలో ఆరిపోద్ది.

నానబెట్టినాక ట్రాక్టర్ రాకపోయినా, వాన పడినా కంగారు పడొద్దు. వేరు ముక్కు రాకముందైతే నీడలో పల్చగా పరిచి మళ్ళీ పూర్తిగా ఆరబెట్టి రెండు మూడు రోజుల్లో వేసుకోవచ్చు, లాభం కాస్త తగ్గుద్ది గానీ విత్తనం పోదు. ముక్కు వచ్చినాక ఎండబెడితే మాత్రం చచ్చిపోద్ది. ఆరబెట్టింది వచ్చే ఏడాదికి దాచిపెట్టొద్దు, ఇట్లాంటి విత్తనం త్వరగా పాడైపోద్ది. ఏ రోజుకి ఎంత వెయ్యగలరో అంతే నానబెట్టుకోవడం మేలు.

7. మొలక చూడటం. చేలో ఒక పక్క నాలుగు సాళ్ళు నానబెట్టకుండా పూత ఒక్కటే పట్టించిన విత్తనం వేసి పుల్ల పాతి పెట్టండి. ఆరో రోజు, మళ్ళీ పదో రోజు రెండు చోట్లా మూడు మీటర్ల సాలులో మొక్కలు లెక్కపెట్టండి. ముప్పైకి ఇరవై ఐదు పైన ఉంటే దిగుల్లేదు. ఇరవై కన్నా తగ్గితే బోసిగా ఉన్నచోట పుల్లతో మట్టి మెల్లగా తవ్వి గింజ బయటికి తియ్యండి, కారణం అదే చెప్తది. గింజ ఉబ్బి మెత్తగా ఉండి వాసన వస్తే కుళ్ళు, పూత సరిగ్గా పట్టలేదు లేదా నేల తడి ఎక్కువైంది. వేరు వచ్చి కొస గోధుమ రంగుకి మారి ఎండిపోయి ఉంటే కింద పదును చాలలేదు, ఇంకో అంగుళం లోతుగా వెయ్యాల్సింది. మొలక తెల్లగా ఉండి పైకి రాలేక వంకర తిరిగి ఉంటే పైన మట్టి పెచ్చు కట్టింది, పల్చగా ముళ్ళకంప లాగితే లేస్తాయి. అసలు గింజే కనపడకపోతే గొట్టం మూసుకుపోయింది, అక్కడ నానబెట్టిన గింజే రెండు రెండు చొప్పున చేత్తో గుచ్చండి, పది రోజుల్లోపు అయితే అవి మిగతా చేనుతో పాటు అందుకుంటాయి.