జిన్నింగు మిల్లు భద్రతా వీడియో: అందరూ తలూపుతారు, అయినా చెయ్యి లోపలికే పోతుంది. సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దున రాజురా, కోర్పనా వైపు దీపావళి దాటగానే, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులు మొదలవుతాయి, ప్రతి సీజనుకూ కొత్త మనుషులు పనిలోకి వస్తారు. వాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, మిల్లులో కొంత హిందీ మాట్లాడేవాళ్లు. మొదటి రోజు వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి భద్రతా వీడియో చూపిస్తారు. ఆ వీడియోల తెలుగు వ్యాఖ్యానం రాయడమూ, పని చేయని వ్యాఖ్యానాన్ని సరిచేయడమూ నా పని. వీడియోలో నిప్పు గురించి, బీడీ గురించి, పైట గురించి కూడా ఉంటుంది గానీ, ఇక్కడ ఒక్క నియమం గురించే రాస్తున్నాను: మిషనులో పత్తి ఇరుక్కున్నప్పుడు కొత్త మనిషి ఏం చేయాలి. చేతులు పోయేది ఎక్కువగా అక్కడే కాబట్టి, వ్యాఖ్యానంలో ఎక్కువ తప్పులు దొర్లేది కూడా అక్కడే కాబట్టి ఈ నియమాన్నే ఎంచుకున్నాను.

సమస్య: "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు, చేసి చూపమంటే ఎవరూ కదలరు

ఒక మిల్లు వాళ్లు నా చేతికి ఇచ్చిన పాత వ్యాఖ్యానంలో ఈ వాక్యం ఉండేది: "యంత్రంలో అడ్డంకి ఏర్పడిన సందర్భంలో విద్యుత్ సరఫరాను ఐసొలేట్ చేసి, లాకౌట్ ప్రక్రియను పూర్తిగా పాటించిన అనంతరమే అడ్డంకి తొలగింపునకు ఉపక్రమించవలెను." ఇందులో కష్టమైన మాటలున్నాయన్నది నిజమే. కానీ "ఐసొలేట్" తీసి "వేరుచేసి" అని రాసినా ఈ వాక్యం పని చేయదు, ఎందుకంటే అసలు తప్పు మాటల్లో కాక, అది ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నదన్న దానిలో ఉంది. మెయిన్ స్విచ్చు దించి తాళం వేసి ఇరుకు తీయడం ఫిట్టరు పని. పత్తి మోయడానికో, మిషను దగ్గర పత్తి సర్దడానికో నిన్న పనిలో చేరిన మనిషికి ఆ తాళమూ ఇవ్వరు, ఆ పని చేసే అనుమతీ ఉండదు. అతనికి సంబంధం లేని పనిని అతనికే చెబుతున్నాం కాబట్టి మర్యాదకు తలూపి ఊరుకుంటాడు.

పరిష్కారం ఏమిటంటే, రాయడానికి ముందే ఈ వాక్యం వినేవాడు ఏ పని చేస్తాడో రాసుకోవడం. కొత్త మనిషి చేయవలసినవి మూడే పనులు, చేయకూడనిది ఒక్కటే. ఆ మిల్లుకు నేను మార్చి రాసిన వ్యాఖ్యానం ఇది:

"పత్తి ఇరికింది. చెయ్యి పెట్టొద్దు. ఎర్ర బటన్ నొక్కాలె. వెనక్కి జరగాలె. ఫిట్టరును పిలవాలె."

"నొక్కాలి" అని కాక "నొక్కాలె" అని రాయడానికి కారణం, ఆ వైపు తెలుగువాళ్లు అలాగే మాట్లాడతారు. పుస్తకాల తెలుగులో చెబితే బడిలో పాఠం విన్నట్టు వింటారు. ఇంటి తెలుగులో చెబితే తమతో ఎవరో మాట్లాడుతున్నారని తల ఎత్తి చూస్తారు. "యంత్రం" అనే మాట కూడా ఎక్కడా వాడలేదు, ఎందుకంటే అక్కడ అందరి నోటా ఉన్నది "మిషను" మాత్రమే.

సమస్య: మిషను ఆపుతారు, ఆపిన వెంటనే చెయ్యి పెడతారు

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది, కారణం కనిపెట్టడానికి నాకు ఎక్కువ కాలం పట్టింది కూడా దీనికే. చాలా వ్యాఖ్యానాల్లో "మిషను ఆపకుండా చెయ్యి పెట్టకూడదు" అనే వాక్యం ఉంటుంది. రాసినవాళ్లకు ఇది గట్టి హెచ్చరికలా వినిపిస్తుంది. వినేవాడికి మాత్రం ఇందులో ఒక అనుమతి వినిపిస్తుంది: ఆపితే పెట్టవచ్చు. రెండు "కాదు"లు ఒకే వాక్యంలో కలిసినప్పుడు తెలుగులో మిగిలేది ఒక "అవును" మాత్రమే, మనిషి గుర్తుపెట్టుకునేది దాన్నే.

ఆపిన మిషను ఎందుకు ప్రమాదమో రెండు కారణాలున్నాయి, వీటిని కొత్తవాళ్లకు చూపించాలే తప్ప వివరించి లాభం లేదు. మొదటిది, కొన్ని భాగాలు స్టాప్ నొక్కిన తరువాత కూడా తిరుగుతూనే ఉంటాయి. పత్తిని గొట్టంలో లాగే పెద్ద ఫ్యాను కరెంటు ఆగిన తరువాత కూడా దాని బరువుకు చాలాసేపు తిరుగుతుంది, చప్పుడు తగ్గిపోతుంది కాబట్టి ఆగిపోయిందనే అనిపిస్తుంది. రెండవది దీనికి తలకిందులు: మరలా తిరుగుతూ గింజలు మోసే స్క్రూ గేరుపెట్టె మీద నడుస్తుంది కాబట్టి దాదాపు వెంటనే నిలబడిపోతుంది, చూడటానికి ఏ ప్రమాదమూ లేనట్టు ఉంటుంది, కానీ మిషన్లను నడిపే బటన్లుండే ప్యానెలు దగ్గర ఉన్న మరో మనిషి దానంతట అదే ఆగిపోయిందనుకొని మళ్లీ నడిపిస్తాడు. స్టాప్ బటన్ మిషనును ఆపుతుంది గానీ మెయిన్ నుంచి వచ్చే కరెంటును తీసేయదు. అందుకే ఫిట్టరు మెయిన్ స్విచ్చు దించి, దానికి తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకొని, ఒకసారి స్టార్ట్ నొక్కి నిజంగా నడవదని చూసుకొని, తిరిగే భాగాలన్నీ నిలిచాయని కళ్లతో చూసిన తరువాతే చెయ్యి పెడతాడు.

పరిష్కారంలో మొదట "ఆపకుండా" అనే మాటను వ్యాఖ్యానం నుంచి పూర్తిగా తీసేయాలి. "చెయ్యి పెట్టొద్దు" అన్నది ఏ షరతూ లేకుండా ఒంటరిగా నిలబడాలి. రెండవది, మీ మిల్లులోనే ఆ ఫ్యాను ఆగడానికి ఎంతసేపు పడుతుందో ఫోనుతో కొలిచి, అంతసేపూ వీడియోలో ఆ ఫ్యానునే చూపించాలి. నేను పని చేసిన ఒక మిల్లులో అది నిమిషం దాటింది. మేనేజరు గారు అంత నిడివి ఎందుకని కత్తిరించమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ నిమిషంలో వ్యాఖ్యానం "ఇంకా తిరుగుతోంది" అని రెండుసార్లు మాత్రమే అంటుంది, మిగతా కాలమంతా నిశ్శబ్దం. చూస్తున్నవాళ్లకు విసుగు పుట్టేంతసేపు అది తిరుగుతూ కనిపించాలి, ఎందుకంటే మిల్లులో చెయ్యి లోపలికి తోసేది ఆ విసుగే. ఫిట్టరు తాళం వేయడం కూడా చూపిస్తాము, కానీ దానికి వ్యాఖ్యానం ఒక్క ముక్క: "ఇది ఫిట్టరు పని."

సమస్య: నియమం తలకిందులుగా గుర్తుంటుంది

తెలుగు వాక్యంలో వద్దనే మాట చివరికి వస్తుంది. "మిషను నడుస్తున్నప్పుడు మూత తెరిచి లోపల ఇరుక్కున్న పత్తిని చేతితో తీయరాదు" అనే వాక్యంలో వినేవాడు చాలాసేపు ఒక పనిని ఊహించుకుంటూ పోతాడు, ఆ పని చేయకూడదన్న సంగతి చివరి రెండు అక్షరాల్లో తెలుస్తుంది. గదిలో ఫ్యాను చప్పుడు, పక్కన మాటలు, పాత స్పీకరు కలిసి ఆ రెండు అక్షరాలను మింగేస్తే మిగిలేది మూత తెరిచి చేతితో తీసే పద్ధతి. అందుకని వద్దని చెప్పే వాక్యం మూడు నాలుగు మాటలు దాటకూడదు, "రాదు", "కూడదు" కంటే "వద్దు" చెవికి గట్టిగా తగులుతుంది, ఆ మాట తరువాత ఒక ఊపిరి తీసుకునేంత విరామం ఉండాలి. చేయకూడని పనిని వీడియో బొమ్మలో పూర్తిగా నటించి చూపడం కూడా ఇదే తప్పు. చెయ్యి మూత వైపు కదలడంతోనే బొమ్మను ఆపాలి.

సమస్య: అరుపు ఒకటి, అర్థం మరొకటి

ఇది ఈ సరిహద్దు ప్రాంతానికే సొంతమైన చిక్కు. తెలుగువాడు "చాలు" అంటే ఇక ఆపమని. అదే ఉచ్చారణకు దగ్గరగా మరాఠీ, హిందీవాళ్లు "చాలూ" అంటే నడిపించమని, నడుస్తోందని. రాసినప్పుడు చివరి అచ్చు పొడవులో తేడా కనిపిస్తుంది గానీ, రోలర్ల చప్పుడులో అరిచినప్పుడు ఆ తేడా ఎవరికీ వినిపించదు. పత్తి ఎక్కువ పడుతోందని ఒక తెలుగు ఆమె "చాలు, చాలు" అని అరిస్తే, ప్యానెలు దగ్గరి మనిషి ఆపిన స్క్రూను నడిపించడం నేను కళ్లారా చూశాను. ఆ పూట ఎవరి చెయ్యీ లోపల లేదు.

"చాలూ" అనే మాటను మిల్లు నోటి నుంచి తీయడం సాధ్యం కాదు, అది అక్కడ అందరి మాట. అందుకని తెలుగు వ్యాఖ్యానంలో ఎక్కడా "చాలు" రాకుండా చూస్తాను, భోజనం సంగతి చెప్పే చోట కూడా. ఆపమనడానికి మూడు భాషల్లోనూ తెలిసిన "బంద్" ఒక్కటే వాడతాను, ఆ మాట వచ్చిన ప్రతిసారీ బొమ్మలో మనిషి అరచెయ్యి పైకెత్తి నిలబడతాడు. ఆపిన మిషనును అరుపు విని ఎవరూ నడపవద్దని, ఫిట్టరే వచ్చి నడపాలని ప్యానెలు మనిషికి మరాఠీలో విడిగా చెప్పించాలి. ఒక్క తెలుగు వీడియోతో ఈ చిక్కు తీరదు.

సమస్య: మూడుసార్లు చెప్పినా గుర్తుండదు

వ్యాఖ్యానం తెచ్చి చూస్తే మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది: ఒకచోట "ఎర్ర బటన్", మరోచోట "ఎమర్జెన్సీ స్విచ్", ఇంకోచోట "స్టాప్ మీట". చెప్పిన మాటే చెబితే బాగుండదని బడిలో నేర్చుకున్న అలవాటు ఇది. కొత్త మనిషి మాత్రం మూడు వేర్వేరు వస్తువులున్నాయనుకొని వెతుకుతాడు. ఇక్కడ సొగసు కోసం మాట మార్చడం తప్పు. పైన రాసిన ఐదు వాక్యాలనూ అక్షరం మార్చకుండా, అదే గొంతుతో, మొదట్లో ఒకసారి, స్క్రూ చూపించేటప్పుడు ఒకసారి, చివర ఒకసారి వినిపించాలి. చివరిసారి ఒక్క మార్పు చేస్తాను: "పత్తి ఇరికింది" అని చెప్పి వ్యాఖ్యానం ఆగిపోతుంది, మిగతా నాలుగూ గదిలో ఉన్నవాళ్లే అంటారు.

సరిచేసిన వ్యాఖ్యానం పని చేసిందో లేదో తెలుసుకోవడానికి "అర్థమైందా?" అని అడగవద్దు. ఒక్కొక్కరిని ఆపి ఉన్న మిషను దగ్గరికి తీసుకెళ్లి "పత్తి ఇరికింది" అని మాత్రం అనండి, వాళ్లు ఏం చేస్తారో చూడండి. ఎర్ర బటన్ ఎక్కడుందో వెతుక్కుంటే బొమ్మ సరిగా లేదని అర్థం. బటన్ నొక్కి అక్కడే నిలబడితే "వెనక్కి జరగాలె" వినిపించలేదని అర్థం. అదే పరీక్షను మరుసటి రోజు మళ్లీ పెట్టండి, మొదటి రోజు సరిగ్గా చేసినవాళ్లలో కొందరు అప్పటికి మరచిపోయి ఉంటారు.

పరీక్షలో అందరూ సరిగ్గా చేసి, పని వేళ మాత్రం చేతులు లోపలికి పోతుంటే, ఇక వ్యాఖ్యానాన్ని మార్చి లాభం లేదు. స్క్రూ మీద మూత ఉందో లేదో, దానికి బోల్టులు బిగించారో లేదో చూడండి. ఎర్ర బటన్ నొక్కి పని ఆపిన మనిషిని గడిచిన వారంలో కూలీల మేస్త్రీ అయిన ముకద్దం ఏమన్నాడో ఆ మనిషినే పక్కకు పిలిచి అడగండి.