1 మిల్లీ ఆంప్ మీటర్‌తో 1 ఆంప్ కొలవడం

పాత డబ్బాలో మంచి మూవింగ్ కాయిల్ మీటర్ దొరుకుతుంది, తీరా చూస్తే 1 mA దగ్గరే ముల్లు చివరికి వెళ్లిపోతుంది. నా దగ్గరున్న దాని కాయిల్ రెసిస్టెన్స్ 100 ఓమ్‌లు. దాన్ని 1 ఆంప్‌కు ఇలా మార్చుకున్నాను.

ముల్లు పూర్తిగా తిరిగినప్పుడు కాయిల్ మీద వోల్టేజ్ 0.001 × 100 = 0.1 V. మిగతా 0.999 A మీటర్‌కు పారలల్‌గా పెట్టే చిన్న రెసిస్టర్, అంటే షంట్‌లోంచి పోవాలి. అంటే షంట్ 0.1 ÷ 0.999, దాదాపు 0.1 ఓమ్. అంత చిన్న విలువ మా షాపులో దొరకలేదు. 1 ఓమ్, పావు వాట్, 1 శాతం రెసిస్టర్లు పది కొని పారలల్‌గా సోల్డర్ చేశాను. ఒక్కోదాంట్లో 0.1 A, అంటే 10 మిల్లీవాట్లే, వేడెక్కవు.

మీటర్ వైర్లు మాత్రం షంట్ కాళ్ల మీదే సోల్డర్ చేయాలి. మొదట క్రొకడైల్ క్లిప్‌తో షంట్ తగిలిస్తే రీడింగ్ ఎక్కువ చూపించింది. క్లిప్ దగ్గర 0.01 ఓమ్ చేరినా పది శాతం తప్పు. కరెంట్ పోతుండగా ఆ క్లిప్ ఊడితే మొత్తం కాయిల్‌లోకే మళ్లుతుంది, మీటర్ కాలిపోవచ్చు.