కిరోసిన్ హీటర్ వాసన, పొగ: ముందు ఒత్తి అంచు చూడండి

వెలిగించిన మొదటి ఐదు నిమిషాలు, ఆర్పాక కాసేపు వాసన రావడం మామూలే. బర్నర్ ఇంకా వేడెక్కనప్పుడు, లేదా చల్లారుతున్నప్పుడు కిరోసిన్ ఆవిరి పూర్తిగా కాలదు. పావుగంట దాటినా వాసన పోకపోతేనే వెతకాలి.

వాసన ఆగడం లేదు, మంట చిన్నగా ఉంది

నూనె ఆదా అవుతుందని నాబ్ తగ్గించి వాడేవాళ్లకు ఎక్కువగా వచ్చే సమస్య ఇది. ఒత్తి మరీ కిందికి దిగితే బర్నర్‌కు తగినంత వేడి అందదు. సగం కాలిన ఆవిరే గదిలోకి వస్తుంది. హీటర్‌తో వచ్చిన పుస్తకంలో చూపిన ఎత్తుకు మంట పెంచండి. గది మరీ వేడెక్కితే ఆర్పేయండి గానీ, మంటను చంపి ఉంచకండి.

మంట ఒకవైపే లేస్తోంది, పొగ, మసి

ముందు సులువైనది: బర్నర్ గొట్టం తన గాడిలో సరిగా కూర్చోలేదేమో. వెలిగించగానే దాని పిడి పట్టుకుని రెండు మూడు సార్లు అటూ ఇటూ కొద్దిగా తిప్పితే కూర్చుంటుంది. కిటికీ గాలి నేరుగా తగులుతున్నా మంట ఇలాగే వాలుతుంది. ఒత్తి మరీ పైకి లేపినా పొగ వస్తుంది.

ఇవేవీ కాకపోతే తప్పు ఒత్తిదే. హీటర్ ఆర్పి, పూర్తిగా చల్లారాక ఒత్తి అంచును వేలితో తడిమి చూడండి. గుడ్డలా మెత్తగా ఉంటే బాగున్నట్టు. అట్టలా గట్టిగా, నల్లని పెచ్చులతో గరగరలాడితే కిట్టం పట్టింది. కిట్టం పట్టినచోట నూనె పైకి ఎక్కదు, ఎక్కే చోట మాత్రం మంట ఎగుస్తుంది. నాబ్ బిగుసుకుపోవడం ఇంకో గుర్తు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు: కుదుపు తగిలితే ఒత్తిని కిందికి లాగి ఆర్పే ఏర్పాటు కూడా ఆ కిట్టంలోనే ఇరుక్కుపోతుంది.

కిట్టం కాల్చి తీయడం

ఇది గాజునార ఒత్తికి మాత్రమే. నూలు ఒత్తిని ఇలా కాలిస్తే ఒత్తే కాలిపోతుంది. దానికి నల్లబడిన అంచును కత్తెరతో సమంగా కత్తిరించాలి. గాజునార ఒత్తిని కత్తిరించకూడదు. ఏ రకమో తెలియకపోతే పుస్తకం చూడందే మొదలుపెట్టకండి.

నూనె తక్కువగా ఉన్న రోజు హీటర్‌ను బయట, గాలి విసరని చోట పెట్టి మామూలుగా వెలిగించండి. నూనె అయిపోతూ మంట తగ్గినప్పుడు ఒత్తిని పూర్తిగా పైకి తిప్పి, దానంతటదే ఆరేదాకా వదిలేయండి. గంటో రెండు గంటలో పడుతుంది. చివర్లో వాసన ఘాటుగా వస్తుంది, అందుకే బయట చేయమనేది. చల్లారాక పాత టూత్‌బ్రష్‌తో బూడిద దులపండి. అంచు ఇంకా గట్టిగానే ఉంటే మరోసారి కాల్చండి. రెండోసారికీ మెత్తబడకపోతే ఒత్తి మార్చాల్సిందే. ఒత్తి కొత్తదైనా, ఇలా ఎండినదైనా, నూనె పోశాక కనీసం అరగంట నాననిచ్చి వెలిగించాలి. ఎండు ఒత్తికి నిప్పు పెడితే మొదటిరోజే అంచు మాడుతుంది.

శుభ్రం చేసిన వారానికే మళ్లీ కిట్టం

ఇక ఒత్తిని తిట్టి లాభం లేదు, నూనె చూడండి. గాజు గ్లాసులో పోస్తే రంగులేని కిరోసిన్ నీళ్లలా తేటగా ఉండాలి. పసుపుపచ్చగా మారితే పాతబడింది. పోయిన చలికాలం మిగిలింది సాధారణంగా ఇలాగే ఉంటుంది. అడుగున బుడగలా వేరుగా నిలిచేది నీరు. నీరు ఒత్తిలోకి చేరితే మంట చిటపటలాడి కుంగిపోతుంది. రంగు కలిపిన కిరోసిన్ వాడితే ఆ రంగు కూడా ఒత్తిలో పేరుకుంటుంది. డీజిల్ కలిస్తే కిట్టం ఇంకా త్వరగా పడుతుంది. చెడిన నూనెను తేట నూనెతో కలిపి సరిపెట్టకండి, ట్యాంకు మొత్తం ఖాళీ చేయండి.

నింపేటప్పుడు

మండుతున్న హీటర్‌లోనే కాదు, వేడిగా ఉన్నదాంట్లోనూ పోయకూడదు. ఆర్పి, చేయి పెడితే చల్లగా తగిలేదాకా ఆగి, బయటికి తీసుకెళ్లి చేతిపంపుతో నింపండి. గుర్తు పైదాకా నింపకుండా కాస్త ఖాళీ ఉంచండి: చల్లని నూనె గదిలో వేడెక్కి ఉబ్బుతుంది, ఆ ఖాళీ లేకపోతే పొంగి కారుతుంది. తీసే ట్యాంకైతే మూత బిగించి, తలకిందులుగా ఓ పాత గుడ్డ మీద పట్టుకుని చూడండి. గుడ్డ తడిస్తే మూత మళ్లీ బిగించాలి. ఒలికింది తుడిచి ఆరాకే వెలిగించాలి.

పెట్రోల్ పోసిన డబ్బాలో కిరోసిన్ ఎప్పుడూ పట్టకండి. అడుగున మిగిలిన కొద్దిపాటి పెట్రోల్ చాలు, నాబ్ తిప్పినా తగ్గని మంట లేస్తుంది. అప్పుడు ఆర్పే మీట నొక్కండి. లొంగకపోతే హీటర్‌ను ఎత్తుకుని పరుగెత్తకండి, నీళ్లు చల్లకండి, ఇంట్లోవాళ్లందరితో బయటపడి ఫైర్ సర్వీసును పిలవండి.

వాసన లేదంటే గాలి బాగున్నట్టు కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. కిటికీ ఓ అంగుళం తెరిచి ఉంచండి, పడుకునే ముందు ఆర్పేయండి.