పాత క్లయింట్లకు ఫీజు పెంపు లెటర్ పంపేముందు జాగ్రత్తలు

నెలకు రూ.1,500 తీసుకుని జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసు ఏప్రిల్ 1 నుంచి రూ.1,800 చేయాలనుకుంటే:

☐ ముందు పాత ఒప్పందం తీసి నోటీసు గడువు చూడండి. గడువు రాయకపోయినా ఫిబ్రవరి మధ్యకల్లా లెటర్ అందాలి. 11, 20 తేదీల రిటర్నుల హడావిడిలో మాత్రం పంపకండి, బెదిరింపులా ఉంటుంది.

☐ "ఖర్చులు పెరిగాయి" అంటే బేరం మొదలవుతుంది. క్లయింట్ షాపు బిల్లులు నెలకు 60 నుంచి 140 అయ్యాయని లెక్క చూపండి. పని పెరగని షాపుకు అదే కారణం రాయకండి.

☐ 18 శాతం జీఎస్టీతో కలిపి రాయండి: రూ.1,770 బదులు రూ.2,124. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవారికి క్రెడిట్ రాదు కాబట్టి పెరిగిన రూ.354 మొత్తం భారం వాళ్లదే. వాళ్లకు పెంపు రెండు విడతల్లో పెట్టడం న్యాయం.

☐ బాగా పాతవాళ్లకు లెటర్‌కన్నా ముందు ఫోన్ చేయండి.